నూట పద్దెనిమిది వరుసలు, ఒక్క పేజీ

డెయిరీ ప్రాజెక్టు ఆఫీసులో ఆమెని అందరూ కొట్టక్క అనే పిలిచేవారు. పద్దెనిమిదేళ్లు కిరాణా కొట్టు నడిపి, ఎదురుగా మూడంతస్తుల సూపర్ మార్కెట్ లేచాక కొట్టు మూసేసి, నలభై ఏడో ఏట ఉద్యోగంలో చేరిన మనిషికి అంతకంటే సరైన పేరు దొరకలేదు. ఆమెకీ ఆ పేరంటే చిన్నతనం లేదు. కొట్టు పోయినా కొట్టుబుద్ధి పోలేదని తనే నవ్వుతూ చెప్పుకునేది.

చేరి ఆరు నెలలు కావస్తోంది. ఇంతకాలం మీటింగుల్లో ఎవరేమన్నారో రాయడం, ఫైళ్లు సర్దడం ఆమె పని. ప్రొబేషన్ ఈ శుక్రవారంతో అయిపోతుంది. ఉద్యోగం ఖాయం చేస్తూ ఇచ్చే ఉత్తరం టైపయి ప్రాజెక్టు మేనేజరు సొరుగులో ఉంది. దాని మీద ఆయన సంతకం ఒక్కటే బాకీ. మొగుడికి ట్రాన్స్‌పోర్టు కంపెనీ గోడౌన్‌లో పని, కూతురికి పాలిటెక్నిక్ ఆఖరి ఏడాది. ఇద్దరు సంపాదిస్తేనే ఆ ఇంటి తక్కెడ సమంగా నిలుస్తుంది. ఒక తట్టలోంచి రాయి తీశారంటే రెండో తట్ట నేలకి తగులుతుంది.

అలాంటి వారంలో, సోమవారం పొద్దున్నే, మేనేజరు ఆమెని పిలిచి రిస్క్ రిజిస్టర్ అప్పజెప్పాడు. దాన్ని చూసుకునే ఆయన వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. కొత్త ప్లాంటు కట్టడంలో ఏవేవి ఎదురు తిరగొచ్చో, తిరిగితే ఎంత నష్టమో, దాన్ని ఎవరు చూసుకోవాలో, ఏ తేదీకి ఏం చెయ్యాలో, అన్నీ రాసిపెట్టుకున్న పట్టిక అది. ఫిబ్రవరిలో ఇరవై వరుసలతో మొదలై, సెప్టెంబరు నాటికి నూట పద్దెనిమిది వరుసలకి పెరిగింది. గురువారం పదింటికి స్టీరింగ్ కమిటీ కూర్చుంటుంది. అక్టోబరు ఒకటిన పాత ప్లాంటు ఆపి కొత్త ప్లాంటు నడపాలా వద్దా అన్నది ఆ రోజే ఖాయం చేస్తారు. కమిటీకి అధ్యక్షురాలు డెయిరీ పెద్దావిడ. అరవై ఐదేళ్లుంటాయి. క్రితం నెల పన్నెండు పేజీల నివేదిక పంపితే, రోగం ఏమిటని అడిగితే మందుల కొట్టు జాబితా పంపారేమని వెనక్కి తిప్పి కొట్టింది. ఈసారి ఒక్క పేజీ కావాలంది. పెద్ద ముప్పులు ఏవి, వాటిని చూసుకునే ఓనర్లు ఎవరు, నివారణ ఎంతవరకు వచ్చింది, గడువు దాటిన పనులు ఎన్ని, అంతే.

మేనేజరు మంచివాడే. ముప్పై ఆరేళ్ల వయసు, ఇస్త్రీ చొక్కా, మాట మెత్తన. ఒక్కటే బలహీనత, ఎరుపు రంగు చూడలేడు. ఆ పట్టికలో తేదీ దాటితే వరుస దానంతటదే ఎర్రబడుతుంది. అది చూస్తే ఆయనకి తలనొప్పి వస్తుందని ఆఫీసంతటికీ తెలుసు.

కొట్టక్క వరుసలన్నీ ప్రింటు తీసి, మీటింగు గది బల్ల మీద పరిచి, కత్తెరతో ఒక్కో వరుస కత్తిరించింది. కంప్యూటర్ రాక కాదు. సరుకు చేత్తో తడిమితే గానీ ఆమెకి నమ్మకం కుదరదు. కొట్టులో ఏడాదికోసారి అరలన్నీ దింపి చూసుకున్నట్టే, చీటీలు కుప్పలు పెట్టుకుంటూ వచ్చింది.

ముందు తాలు చెరిగింది. ముగిసిపోయినవి ముప్పై ఒకటి. గోడ కట్టేశాక గోడ ఆలస్యమవుతుందేమోనన్న భయం ఇంకా పట్టికలో ఎందుకు? అవి తీసేస్తే ఎనభై ఏడు. తరవాత ఒకే సరుకుకి నాలుగు పేర్లున్న సంగతి చూసింది. కరెంటు పోతే ఎలా అన్నది మరమ్మతుల వాళ్లు ఒకలా, కంప్యూటర్ల వాళ్లు ఒకలా, ప్యాకింగ్ వాళ్లు ఇంకోలా రాసుకున్నారు. ఎవరికి వారు తమ భయమే కొత్తదనుకున్నారు. అలాంటివి కలిపితే పందొమ్మిది తగ్గాయి. మిగిలిన అరవై ఎనిమిదిలో ఆరు అసలు ముప్పులే కావు. అప్పటికే జరిగిపోయినవి. లేబుళ్ల మిషను పగిలి రావొచ్చని రాసి ఉంది, అది పగిలే వచ్చింది, మూల కూర్చుంది. రాబోయేది ముప్పు, వచ్చేసింది సమస్య. వచ్చేసినదాన్ని సమస్యల చిట్టాలోకి పంపించింది. అరవై రెండు మిగిలాయి.

ప్రతి వరుసకీ రెండు అంకెలుంటాయి. జరిగే అవకాశం ఎంత, జరిగితే దెబ్బ ఎంత, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు. రెండూ గుణిస్తే ముప్పు తూకం. పదిహేను పైన ఉన్నవి తొమ్మిది కనిపించాయి. కానీ ఆ తూకం ఫిబ్రవరి నాటిది. ఈలోగా చేసిన పనుల వల్ల తగ్గిందో, ఏమీ చెయ్యక పెరిగిందో ఎవరూ మళ్లీ తూచలేదు. తూకపు రాయి పాతది పెట్టుకుని కొత్త సరుకు అమ్మితే జనం ఊరుకుంటారా? అందుకని ఆ తొమ్మిదింటి ఓనర్లందరికీ ఫోన్లు చేసి, ఈ రోజు తూచితే ఎంత వస్తుందో అడిగింది. నాలుగు పదిహేను లోపుకి దిగాయి. అయిదు నిలిచాయి.

ఫోన్లు చేస్తుంటే ఓనర్ల సంగతీ బయటపడింది. ఒక దానికి ఓనరు పేరు చోట 'టీమ్' అని ఉంది. టీమ్‌కి ఫోన్ నంబరు ఏదని అడిగితే ఎవరూ చెప్పలేదు. పదిమందిదీ అయిన పని ఎవరిదీ కాదు. అది శిక్షణాధికారి పేరున పడింది, ఆయన కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. ఇంకోదాని ఓనరు ఉద్యోగం మానేసి మూడు నెలలయింది. మురుగునీటి శుద్ధి అనుమతి అన్ని రోజులుగా దిక్కులేని పిల్లలా పడి ఉంది. దాన్ని ప్లాంటు హెడ్ తీసుకున్నాడు.

అంతా బాగానే ఉంది. చివరి గడి దగ్గర ఆమె చెయ్యి ఆగింది. గడువు దాటిన పనులు: సున్నా.

ఎనిమిది నెలల ప్రాజెక్టు, నూట పద్దెనిమిది వరుసలు, ఆలస్యం ఒక్కటీ లేదు. పద్దెనిమిదేళ్లలో ఆమె కొట్టులో తేదీ దాటిన ప్యాకెట్ ఒక్కటీ లేని రోజు లేదు. అలా లేదని చెప్పుకునే కొట్లు ఆమె చూసింది. అక్కడ ప్యాకెట్ మీద స్టిక్కర్ గోటితో గీకితే కింద ఇంకో స్టిక్కర్ ఉండేది.

మంగళవారం చల్లదనం విభాగం ఇంజనీరు దగ్గరికి వెళ్లింది. యాభై ఎనిమిదేళ్ల ఆయన్ని అందరూ ఐస్ బాబాయ్ అంటారు. కంప్రెసర్ల గదిలో చెవులకి దూది పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అమ్మోనియా వాయువు లీకైతే మోగాల్సిన అలారం పరీక్ష ఆయన వంతు. అది ఎప్పటికి అని అడిగితే ఇరవై ఆరు అన్నాడు. మొదట ఎప్పటికని ఉందో చెప్పమంటే దూది తీసి ఆమె వంక చూశాడు.

"మొదటిదెందుకమ్మాయ్ ఇప్పుడు?"

"ఊరికే బాబాయ్ గారూ. పాత స్టిక్కర్ చూడ్డం అలవాటు."

ఆయన పెద్దగా నవ్వి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. శుక్రవారం మధ్యాహ్నం టీ తాగాక అందరూ పట్టిక తెరుస్తారు. ఎవరి వరుస ఎర్రబడబోతోందో వాళ్లు తేదీ ఒక నెల అవతలికి జరుపుతారు. పట్టిక పచ్చగా ఉంటుంది, సారుకి తలనొప్పి రాదు, అందరూ ఇళ్లకి పోతారు. తనూ రెండుసార్లు జరిపాడు. పని చెయ్యక కాదు, అలారంలో పెట్టే సెన్సర్ రాలేదు. రాలేదని ఎవరికి చెప్పాలో తెలియలేదు, ఎర్రబడితే కదా అడిగేది. అందులో తప్పుందని ఆయనకి తోచనే లేదు. వాన వస్తే గొడుగు వేసుకున్నట్టు, తేదీ వస్తే జరుపుకున్నారు.

కొట్టక్క తిరిగొచ్చి కంప్యూటర్లో వెతికింది. ప్రతి నెలా కమిటీకి పంపేముందు పట్టిక ఒక నకలు దాచి ఉంచేవారు. ఏడు నకళ్లు దొరికాయి. ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా పక్కపక్కన పెట్టి, ప్రతి పనికీ మొదట రాసిన తేదీ ఒక గడిలో, ఎన్నిసార్లు జరిపారో ఇంకో గడిలో రాసుకుంటూ పోయింది. సాయంత్రానికి లెక్క తేలింది. గడువు దాటినవి సున్నా కాదు, పద్నాలుగు. అందులో ఎనిమిది ఆ అయిదు పెద్ద ముప్పులవే.

అన్నిటికంటే ఎక్కువసార్లు జరిగిన తేదీ, తూకంలో అన్నిటికంటే బరువైన ముప్పుదే. కొత్త ప్లాంటు మొదటి రెండు వారాల్లో ఆగిపోతే పాలు ఎక్కడికి పంపాలి? రోజుకి లక్షా ఇరవై వేల లీటర్లు వచ్చి గుమ్మంలో నిలబడతాయి. కొత్త ట్యాంకుల్లో ఎనిమిది గంటల పాలకి మించి పట్టవు. పాత ప్లాంటుకి తిరిగి పోదామంటే దాని బాయిలర్ అనుమతి నెలాఖరుతో అయిపోతుంది. కాబట్టి నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న డెయిరీతో, అవసరమైతే మా పాలు మీరు తీసుకోండని ముందే రాతకోతలు చేసుకోవాలి. అదీ నివారణ. మొదటి తేదీ ఏప్రిల్ పదిహేను. అక్కడినుంచి మే, జూన్, జులై, ఆగస్టు, సెప్టెంబరు. అయిదుసార్లు జరిగింది. ఓనరు, ప్రాజెక్టు మేనేజరు.

అంటే తన ఉత్తరం మీద సంతకం చెయ్యాల్సినాయన.

ఆమె కాగితాలన్నీ సర్ది, కత్తెర సొరుగులో పెట్టి, ఇంటికి వెళ్లింది.

ఇంట్లో అత్తగారు కూరగాయలు తరుగుతూ కోడలి మొహం చూసి విషయం అడిగింది. ఆవిడ పద్దెనిమిదేళ్లూ గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి. మొహం చూసి బేరం చెప్పగలదు. కొట్టక్క దాచకుండా చెప్పింది. కూతురు పుస్తకం మూసి వింది. మొగుడు చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే ఆగిపోయి విన్నాడు.

అత్తగారు కత్తిపీట పక్కకి జరిపి, సలహా ఒక్క ముక్కలో తేల్చేసింది. మీటింగు గురువారం, సంతకం శుక్రవారం. గురువారం సున్నా అని రాయి, శుక్రవారం ఉత్తరం తీసుకో, సోమవారం పద్నాలుగు అని చెప్పు. మూడు రోజుల్లో పాలు విరగవు.

కొట్టక్క కూడా ఆ లెక్క వెయ్యకపోలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వేసింది. మొదట లాభంగానే తోచింది. కానీ రెండోసారి కూడితే కుదరలేదు. గురువారం సున్నా అని చూస్తే కమిటీ అక్టోబరు ఒకటి ఖాయం చేస్తుంది. బాయిలర్ అనుమతి ఇంకో నెల పొడిగించమని అడగాలంటే ఇరవై నాలుగో తేదీ ఆఖరు. ఈ సున్నా చూశాక ఎవరు అడుగుతారు? సోమవారం తను చెప్పేసరికి పెద్దావిడ ఊళ్లో ఉండదు, కమిటీ మళ్లీ కూర్చునేది నెల తరవాత. అప్పటికి కొత్త ప్లాంటు ఒక్క పూట ఆగినా లక్షా ఇరవై వేల లీటర్లు కాలవ పాలు. ఆ పేజీ తయారుచేసింది ఎవరని అడిగితే వేలు తన వైపే చూపిస్తారు.

"మూడు రోజుల్లో పాలు విరుగుతాయి అత్తయ్యా," అంది. "నేను పనిచేసేది డెయిరీలో."

అత్తగారికి నవ్వాగలేదు. అయితే నీ ఇష్టం అంది, కానీ ఒక షరతు పెట్టింది. పెద్దావిడకి చెప్పేముందు ఆ మేనేజరుకి చెప్పు. మనిషి పరువు చాటుగా చేతికివ్వాలి గానీ బజార్లో వెయ్యకూడదు అంది. మొగుడు మాత్రం, గోడౌన్‌లో ఇంకో మనిషి కావాలేమో కనుక్కుంటానని ఒక మాట అని స్నానానికి వెళ్లాడు. అది వెటకారమో ఓదార్పో ఆయనకే తెలియాలి.

బుధవారం పన్నెండింటికి పేజీ సిద్ధమయింది. పైన ఒక్క వాక్యం: కమిటీ ఏం నిర్ణయించాలి. దాని కింద అయిదు ముప్పులు, ఒక్కోదానికి ఒక్క మనిషి పేరు, ఈ రోజు తూకం, నివారణ ఎంతవరకు వచ్చింది, మొదటి తేదీ, ఎన్నిసార్లు జరిపారు. అడుగున గడువు దాటినవి పద్నాలుగు అని, వాటిలో నెల పైన దాటినవి ఆరు అని. ఆ పేజీ మేనేజరు ముందు పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. నిలబడితే భయపడినట్టుంటుందని కూర్చుంది.

ఆయన చదివాడు. మెడ దగ్గర కాలర్ సర్దుకున్నాడు. మళ్లీ చదివాడు.

"ఈ మొదటి తేదీ అనే గడి మన పట్టికలో లేదు కదా అక్కా."

"లేదు సార్. పాత నకళ్లలోంచి తీశాను."

ఆయన కేకలు వెయ్యలేదు. అదే ఆమెకి కష్టమయింది. మెత్తగా, ఆ గడి ఈసారికి తీసేద్దామన్నాడు. వచ్చే నెల నుంచి పెడదామన్నాడు. పోనీ తన వరుసకి 'మొదలుపెట్టలేదు' అన్న చోట 'జరుగుతోంది' అని రాయమన్నాడు. ఏం జరుగుతోందో చెప్పండి, అదే రాస్తానంది కొట్టక్క. ఆయన కిటికీలోంచి కొత్త ప్లాంటు పొగగొట్టం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మాటలు మీరు చెప్పినట్టు రాస్తాను సార్. తేదీ మాత్రం గీకలేను. ఇంతకీ ఒక్క ఫోనుకి అయిదు నెలలెందుకు పట్టింది?"

ఆయన అటు చూస్తూనే చెప్పాడు. ఆ చిన్న డెయిరీ ఎవరిదో కాదు, మామగారిది. పెళ్లయినప్పటినుంచి అల్లుడు తన డెయిరీలోకే వస్తాడని ఆయన ఎదురుచూశాడు. జనవరిలో అల్లుడు వచ్చి ఇక్కడ చేరాడు. ఆ రోజునుంచి మామ మాట్లాడటం లేదు. కూతురికి ఫోన్ చేసి, పక్కనెవరైనా ఉన్నారా అని అడిగి, ఉంటే పెట్టేస్తాడు. అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి, మా ప్లాంటు ఆగిపోతుందేమో, అప్పుడు మా పాలు పట్టండి అని ఎలా అడగడం? ప్రతి నెలా ఫోన్ తీశాడట. ప్రతి నెలా పెట్టేసి, తేదీ జరిపాడట.

కొట్టక్క నవ్వు పెదవి కొరికి ఆపుకుంది. నూట పద్దెనిమిది వరుసల్లో మామగారి అలక అన్న వరుస ఎక్కడా లేదు. ప్రాజెక్టుకి అసలు ముప్పు అదీ.

"చల్లకొచ్చి ముంత దాచుకుంటే ఎలా సార్? మనం వెళ్లేది నిజంగా పాల కోసమే."

ఆయనకీ నవ్వొచ్చింది, కానీ నిలవలేదు. పేజీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. రేపు పొద్దున్న చెబుతానన్నాడు. ఆమె సొరుగు వైపు చూడకుండా లేచి వచ్చేసింది. మూడింటికల్లా ఆయన కారు తీసుకుని ఎటో వెళ్లిపోయాడు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

గురువారం తొమ్మిదిన్నరకి పేజీ ఎనిమిది ప్రతులు తియ్యాలి. మేనేజరు ఇంకా రాలేదు, ఫోనూ లేదు. కొట్టక్క జెరాక్స్ మిషను ముందు నిలబడి ఒక నిమిషం ఆగింది. ఇది కూడా ఒక బేరమే. సరుకు మంచిదని తెలుసు, కొనేవాడి మనసు తెలియదు. అలాంటప్పుడు ధర తగ్గించుకోవచ్చు గానీ తూకం తగ్గించకూడదు. బటన్ నొక్కింది. మొదటి తేదీ గడితో సహా ఎనిమిది ప్రతులూ వెచ్చగా బయటికొచ్చాయి.

పదికి అయిదు నిమిషాలుండగా మేనేజరు వచ్చాడు. చొక్కా ఇస్త్రీ లేదు. ఏమయిందని ఆమె కళ్లతోనే అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మామగారి గేటు దాకా వెళ్లి, కారులో గంట కూర్చుని, తిరిగొచ్చేశాడట. పేజీలో రాతని మార్చేందుకు ఏమీ లేదు. 'మొదలుపెట్టలేదు' అన్నది అక్షరాలా నిజం.

పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని పేజీ చేతిలోకి తీసుకుంది. ఆవిడ కాక గదిలో కొట్టక్క, మేనేజరుతో కలిపి ఏడుగురు. ప్లాంటు హెడ్, ఫైనాన్స్ ఆయన, కంప్యూటర్ల హెడ్, శిక్షణాధికారి, మూల కుర్చీలో ఐస్ బాబాయ్. ఆవిడ చూపుడువేలు పేజీ మీద పైనుంచి కిందికి దిగి, పద్నాలుగు దగ్గర ఆగి, మళ్లీ పైకెక్కి మొదటి వరుస మీద నిలిచింది.

"క్రితం నెల ఆలస్యం సున్నా అన్నారు. నెల రోజుల్లో పద్నాలుగా? ఎలా?"

కొట్టక్క నోరు తెరిచేలోగా మేనేజరు లేచి నిలబడ్డాడు.

"అప్పుడూ పద్నాలుగేనమ్మా. మేం తేదీలు జరుపుకుంటూ వచ్చాం. ఎరుపు చూస్తే విసుక్కుంటానని వాళ్లు జరిపారు. అన్నిటికంటే ఎక్కువ జరిపింది నేనే. మొదటి వరుస నాదే."

ఐస్ బాబాయ్ కూడా కుర్చీలో కదిలి, తనవి రెండున్నాయని చెయ్యెత్తాడు. దాంతో కట్ట తెగింది. కంప్యూటర్ల హెడ్, రైతుల పాల తూకాలు కొత్త కంప్యూటర్లోకి ఎక్కడం లేదని, పదిహేను రోజులనుంచి చెప్పలేక చస్తున్నానని అన్నాడు. శిక్షణాధికారి, నలభైమంది ఆపరేటర్లలో ఇరవై రెండుమందికే శిక్షణ అయిందని, అది మాత్రం తేదీ ప్రకారమే నడుస్తోందని కాస్త గర్వంగా చెప్పుకున్నాడు. పెద్దావిడ అందరి మాటా విని, మొదటి వరుస ఎందుకు ఆగిందని అడిగింది. మేనేజరు చెప్పాడు. గేటు ముందు కారులో గంట కూర్చున్న సంగతి కూడా దాచలేదు.

ముందు ఫైనాన్స్ ఆయన నవ్వాడు. తరవాత అందరూ నవ్వారు. పెద్దావిడ నవ్వలేదు గానీ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఏప్రిల్లో ఇది ఎర్రబడి ఉంటే మేలో నేనే ఆయనకి ఫోన్ చేసేదాన్ని. ఈ కమిటీ ఉన్నది దానికి కాదూ? మీకు చేతకానిది మాకు చెప్పడానికి సిగ్గేమిటి? అడగందే అమ్మైనా పెట్టదు."

నిర్ణయాలు ఆ తరవాత చకచకా జరిగాయి. అక్టోబరు ఒకటి ఖాయం, కానీ షరతు మీద. చిన్న డెయిరీతో ఒప్పందం ఇరవై మూడో తేదీకి సంతకాలతో రావాలి. రాకపోతే ఇరవై నాలుగున పాత బాయిలర్‌కి నెల పొడిగింపు అడుగుతారు, ఆ కాగితాలు ప్లాంటు హెడ్ ఈ రోజే సిద్ధం చెయ్యాలి. సెన్సర్ కోసం కొనుగోలు విభాగానికి ఆవిడే ఫోన్ చేస్తుంది. మొదటి వరుసకి ఓనరుగా తన పేరు రాయమంది. మేనేజరు ఊపిరి పీల్చుకోబోతుంటే, పని మాత్రం అతనిదేనని, రేపు మధ్యాహ్నం తనతో పాటు కారెక్కాలని చెప్పింది. మామగారు అల్లుడితో మాట్లాడకపోతే పోనీ, తనతో మాట్లాడతాడు, అల్లుడు పక్కన కూర్చుని లీటర్ల లెక్కలు చెబితే చాలు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ఈ పేజీ ఎవరు చేశారని అడిగింది. మేనేజరు కొట్టక్కని చూపించాడు. ఆవిడ ఒకసారి ఎగాదిగా చూసి, వచ్చే నెల కూడా ఒక్క పేజీయే ఉండాలంది. మెచ్చుకోవడం అంటే ఆవిడకి అంతే వచ్చు.

కానీ కొట్టక్క లెక్క ఇంకా తేలలేదు. పెద్దావిడ మెచ్చుకుంది సరే, సంతకం పెట్టాల్సిన చెయ్యి పెద్దావిడది కాదు. అందరి ముందూ తప్పు ఒప్పుకోవాల్సి వచ్చిన మనిషి, మర్నాడు ఆ తప్పు బయటికి తీసిన మనిషి ఉత్తరం చేతిలోకి తీసుకుంటే ఏం చేస్తాడు? ఆ రాత్రి అత్తగారు అన్నం వడ్డిస్తూ కోడలికి ఒక గరిటె ఎక్కువే వేసింది.

శుక్రవారం పదకొండింటికి మేనేజరు పిలిచాడు. బల్ల మీద ఉత్తరం ఉంది. కలం మూత తీసి లేదు. కూర్చోమన్నాడు. ఆయన మొహం చదవడానికి ఆమె ప్రయత్నించింది, పద్దెనిమిదేళ్ల కొట్టు అనుభవం అక్కరకి రాలేదు.

ఆ పేజీలో ఒక లోపం ఉందన్నాడు. ఏమిటని అడిగింది. ఒక ముప్పు వదిలేశారట. గడువు దాటిన పనులు బయటపెట్టినందుకు మేనేజరు కోపం తెచ్చుకుని సంతకం పెట్టకపోవచ్చు, అది పట్టికలో ఎందుకు లేదని అడిగాడు.

ఆయన పెదవి చివర నవ్వు కదలడం కొట్టక్క చూసింది.

"బుధవారమే రాశాను సార్, నా పుస్తకంలో. అవకాశం నాలుగు, దెబ్బ అయిదు. ఇరవై."

"మా మామగారికీ నాకూ మధ్య ఉన్నదీ ఇరవయ్యే. మరి దీనికి ఓనరు ఎవరు?"

"మీరే కదా సార్. నివారణ కూడా మీ చేతిలోనే ఉంది."

ఆయన కలం తీసి సంతకం చేశాడు. దాని కింద తేదీ వేసి, ఆ తేదీ మీద వేలు పెట్టి, ఇది మాత్రం జరపనని చెప్పాడు. తరవాత ఒక పని కూడా అప్పజెప్పాడు. పట్టికలో మొదటి తేదీ గడికి తాళం వెయ్యాలి, దాన్ని మార్చే అధికారం ఎవరికీ ఉండకూడదు, తనకి కూడా. ఎవరి వరుస ఎర్రబడితే వాళ్లు కారణం ఒక్క వాక్యంలో రాయాలి, ఎవరి సాయం కావాలో కూడా రాయాలి. చెప్పి, కారు తాళాలు తీసుకుని, అద్దంలో జుట్టు సర్దుకుని, పెద్దావిడ కిందకి దిగుతోందని కబురొస్తే ఉరికాడు.

కొట్టక్క ఉత్తరం రెండుసార్లు చదివింది. పేరు సరిగ్గా ఉందో లేదో, తేదీ ఏమని ఉందో చూసింది. కొట్టులో బిల్లు చూసుకోకుండా సంచి ఎత్తిన రోజు ఆమెకి లేదు. మడిచి సంచిలో పెట్టుకుని, ఇంటికి ఫోన్ చేస్తే అత్తగారు ఎత్తింది. సంతకం అయిందని చెప్పింది. అయితే సోమవారం దాకా ఆగాల్సిన అవసరం లేకపోయిందన్నమాట అంది ఆవిడ, ఓడిపోయిన గొంతుతో కాదు, బేరం కుదిరిన గొంతుతో.

టీ వేళకి కొట్టక్క పట్టిక తెరిచింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి, ఈ శుక్రవారం ఎవరూ తేదీలు జరపలేదు. మొదటి తేదీలు తిరిగి ఎక్కించడంతో పద్నాలుగు పనులు ఎర్రగా మెరుస్తున్నాయి. చూస్తుండగానే పదిహేనోది కూడా ఎర్రబడింది, ప్యాకింగ్ వాళ్లది. వెంటనే ఫోన్ మోగింది. ప్యాకింగ్ ఇన్‌చార్జి కంగారుగా, అట్టపెట్టెలు ఇంకా రాలేదని, ఈసారి ఏం రాయాలని అడిగాడు.

"ఎందుకు రాలేదో రాయి బాబూ," అంది ఆమె, కాగితం కలం దగ్గరికి లాక్కుంటూ. "ఎవరు తెప్పించగలరో కూడా చెప్పు, ఇప్పుడే అడుగుదాం."